పళ్ళేలు లెక్కపెట్టండి

నా చేత్తో నేను అబద్ధం రాశాను. రోజుకొకటి చొప్పున దాదాపు రెండేళ్ళు రాశాను. దొంగలెక్క రాసినోళ్ళను తిట్టే ముందు నా తప్పు ఒప్పుకుని మొదలు పెడతన్నా.

అది 1984. నేను పదో తరగతి. అమరావతి అప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు పల్నాడులోకి వచ్చింది. రాజధానికి పేరిచ్చిన ఊరు ఇదే గాని రాజధాని ఇక్కడ లేదు, అది వేరే సంగతి. ఆ చుట్టుపక్కల ఊళ్ళో ఒక సర్కారు హాస్టల్లో ఉండి చదువుకున్నా. ఏ ఊరో రాయను. ఏ ఊరి పేరు రాసినా ఆ ఊరోళ్ళు మా హాస్టలు అట్టా కాదంటారు, మిగతా ఊళ్ళోళ్ళు మన హాస్టలు కాదులే అని ఊపిరి పీల్చుకుంటారు. ఇద్దరికీ ఆ సుఖం ఇవ్వదల్చుకోలేదు.

నా దస్తూరీ గుండ్రంగా ఉండేది. మా వార్డెన్ సారు రాత్రి పూట నన్ను పిలిచి స్టాకు రిజిస్టరు ముందు పెట్టేవాడు. ఆయన చెబితే నేను రాసేవాణ్ణి. తేదీ. హాజరు నూరు. బియ్యం ఇన్ని కిలోలు, కందిపప్పు ఇంత, నూనె ఇంత, కట్టెలు ఇన్ని మణుగులు. గుడ్లు నూరు. నూరు అని రాసేటప్పుడు నాకు తెలుసు, ఆ రాత్రి తిన్నోళ్ళం డెబ్బై మందిమి. ఎట్టా తెలుసంటే, మా వంట పెద్దమ్మ లెక్కపెట్టేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అన్నాలయినాక సత్తు పళ్ళేలు తూము దగ్గర పదేసి చొప్పున దొంతర్లు పెట్టేది. ఏడు దొంతర్లు. పండగలకు ముందు ఐదు దొంతర్లు. ఎన్నడూ పది దొంతర్లు కాలేదు.

గుడ్డు వారానికి రెండుసార్లు ఉండేది. ముప్పై ఐదు గుడ్లు వచ్చేవి. పెద్దమ్మ ఉడకబెట్టి పెంకు తీసి, దారప్పోగు ఒక కొస పంట కరిచి, రెండో కొస చేత్తో లాగిపట్టి, ఒక్కో గుడ్డును రెండు బద్దలు చేసేది. చాకుతో కోస్తే పచ్చసొన చాకుకే అంటుకుపోతుంది, అది కూడా దండగే కదా. తలా ఒక బద్ద. రిజిస్టరులో మాత్రం నూరు గుడ్లు. రాసినందుకు నాకు నిండు గుడ్డు దొరికేది. నాతోటోళ్ళు బద్ద తింటుంటే నేను వంటింట్లో తలుపు చాటున నిండు గుడ్డు తిన్నా. ఆ గుడ్డు ఇంకా నాకు అరగలేదు.

ఇప్పుడు నేను చేసేదీ లెక్కల ఉద్యోగమే. అందుకని ఈ హాస్టలు కూటి లెక్క నాకు రెండు వైపులా తెలుసు. రాసిన వైపు, తిన్న వైపు.

మంత్రులు చెప్పే లెక్క నెలకింత అని ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో పెంచినప్పుడు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లాడికి నెలకు 850 రూపాయలు. ఆరేళ్ళు అట్టాగే ఉంది. 2018లో ఆంధ్రలో 1,250 చేశారు. మళ్ళీ ఐదేళ్ళు కదల్లేదు. 2023లో ఐదు నుంచి పదో తరగతి దాకా 1,400 అన్నారు. తెలంగాణలో 2024 నవంబరులో ఎనిమిది నుంచి పదికి 1,540 అన్నారు. పెంచిన రోజు పేపర్లో ఫొటో వస్తుంది. పెంచని ఆరేళ్ళలో పప్పు ధర ఎక్కడికి పోయిందో మాత్రం ఏ ఫొటోలోనూ ఉండదు. సర్కారు నౌకరుకు ధరలు పెరిగితే కరువు భత్యం పెరుగుతుంది. నేను తీసుకుంటున్నా, కాదనను. మా పిల్లల పళ్ళేనికి కరువు భత్యం లేదు.

నెల లెక్కను రోజుకు దించితేనే దాని అసలు మొహం కనబడుతుంది. 1,400ను ముప్పైతో భాగిస్తే 46 రూపాయల 67 పైసలు. పొద్దున టిఫిను, సాయంత్రం గుగ్గిళ్ళు, రాత్రి అన్నం, సెలవు రోజయితే మధ్యాహ్నం కూడా. అన్నీ అందులోనే.

ఇది చాలుద్దా చాలదా అని వేదికల మీద వాదించుకోవడం నాకు విసుగొచ్చింది. 2024 ఆగస్టులో ఒక హాస్టలుకు పోయి ఒక రోజంతా కూర్చున్నా. అక్కడి వార్డెన్ కుర్రాడు, మనోడే. నన్ను అన్నా అంటాడు. పొద్దున ఐదింటికి పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి రాత్రి పళ్ళేలు కడిగిందాకా ప్రతిదీ కాటాలో తూయించి, ధర కొట్లో నేనే అడిగి రాసుకున్నా. రిజిస్టరులో 84 మంది. ఆ రోజు తిన్నోళ్ళు 60. పెద్దమ్మ నేర్పిన పద్ధతే. ఆరు దొంతర్లు.

బియ్యం పొద్దున పులిహోరకు ఆరు కిలోలు, రాత్రికి పన్నెండు. మొత్తం పద్దెనిమిది. తలకు మూడొందల గ్రాములు పడింది. మధ్యాహ్నం బడిలోనే తింటారు కాబట్టి సరిపోయింది. బజార్లో కొంటే కిలో యాభై, తొమ్మిదొందలవుద్ది, అంటే తలకు 15 రూపాయలు. కూరగాయలు వంకాయ, టమాట, ఉల్లిగడ్డ, మిరపకాయ అన్నీ కలిపి పన్నెండు కిలోలు. సగటున కిలో ముప్పై ఐదు వేసినా 420. తలకు 7. నూనె లీటరున్నర, 180 రూపాయలు. తలకు 3. గ్యాసు వాణిజ్య సిలిండరు, పంతొమ్మిది కిలోలది, 1,800 దగ్గర పడింది. అరవై మందికి నాలుగు రోజులొస్తుంది. రోజుకు 450, తలకు ఏడున్నర.

ఈ నాలుగే 1,950 రూపాయలు. తలకు ముప్పై రెండున్నర. ఇంకా పప్పు రెండున్నర కిలోలు 400, గుడ్లు అరవై, ఆరు రూపాయల చొప్పున 360, గుగ్గిళ్ళు, మజ్జిగ, చింతపండు, పోపు సామాను 440. అదొక 1,200. అంతా కలిపి 3,150. అరవైతో భాగిస్తే 52 రూపాయల 50 పైసలు.

ఇక్కడ చాలామంది మనోళ్ళే చప్పట్లు కొట్టి, చూశారా, సర్కారిచ్చే 46 చాలడం లేదని ఉపన్యాసం మొదలు పెడతారు. ఆగండి. బియ్యం బజార్లో కొనేది కాదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టళ్ళకు పిల్లాడికి నెలకు పదిహేను కిలోల లెక్కన రాయితీ మీద ధాన్యమివ్వాలని కేంద్రం పథకం పెట్టింది 1994లోనే. డిపో బియ్యానికి హాస్టలు కట్టేది నామమాత్రం. కాబట్టి ఆ 15 రూపాయలు తీసేయాలి. తీసేస్తే 37 రూపాయల 50 పైసలు. మనం లెక్క తప్పు చెబితే అవతలోడు ఒక్క ఆ తప్పు పట్టుకుని మొత్తం మన ఆకలే అబద్ధమంటాడు. అందుకని ముందు మన లెక్క మనమే సరిగ్గా చెప్పాలి.

అంటే బడి ఉన్న రోజున 46.67లో తొమ్మిది రూపాయల పైన మిగులుద్ది. ఆ తొమ్మిది పెడితే పిల్లాడికి గ్లాసుడు పాలొస్తాయి. మరి పాలెందుకు లేవు? కుర్రాణ్ణి అదే అడిగా. వాడు నవ్వలేదు, ఏడవలేదు. ఇంకో పుస్తకం తీశాడు.

ఆరు రోజులు తొమ్మిది చొప్పున దాస్తే తలకు యాభై ఐదు. ఆదివారం మధ్యాహ్నం కూడా హాస్టల్లోనే తింటారు, కోడికూర పెట్టాలి. ఆ రోజు తలకు డెబ్బై ఏడు దాకా అవుద్ది. అంటే దాచిన యాభై ఐదులో ముప్పై ఒకటి ఆదివారానికే పోయింది. మిగిలింది ఇరవై నాలుగు. ఇంక కొట్టు సంగతి. బిల్లులు నెల నెలా రావు. ఆ హాస్టలుకు అప్పటికి మూడు నెలల బిల్లు రావాలి. కొట్టు శెట్టి చేతిలో డబ్బు పెడితే ఒక ధర చెబుతాడు, ఖాతాలో రాయమంటే పదోవంతు ఎక్కువ వేస్తాడు. నేను అడిగి రాసుకున్నది రొక్కం ధర. కుర్రాడు కొనేది అరువు ధర. గ్యాసు కాక మిగతా సామాను తలకు ముప్పై రూపాయలది. దాని మీద పదోవంతంటే రోజుకు మూడు. వారానికి ఇరవై ఒకటి. ఆదివారం సరుకు ఎక్కువ కాబట్టి ఇంకో మూడు నాలుగు కలుపుకోండి. ఆ ఇరవై నాలుగూ సరి.

పిల్లల పాలు తాగింది ఎవరయ్యా అంటే, ట్రెజరీ ఆలస్యం తాగింది. దానికి ఏ రిజిస్టరులోనూ పద్దు లేదు.

మరి రిజిస్టరులో 84 ఎందుకుంది? దీనికి కుర్రాడు తల దించుకున్నాడు. నేను దించుకోమని అడగలేదు. నేనూ నూరు రాసినోణ్ణే కదా.

లెక్క ఇట్టా ఉంటుంది. ఖర్చు మొత్తం పైన, తిన్న తలలు కింద. పై అంకెను ఎంతైనా తనిఖీ చేస్తారు. వంకాయల చీటీ ఏది, నూనె చీటీ ఏది అని అడుగుతారు. కింది అంకెను ఎవడూ అడగడు. సర్కారు డబ్బిచ్చేది కింది అంకెను చూసే. తిననివాళ్ళు ఇరవై నాలుగు మంది రిజిస్టరులో తింటే, ఒక్కొక్కరికి 1,400 చొప్పున నెలకు 33,600 రూపాయలు. మూడొందల గ్రాముల చొప్పున ఇరవై నలుగురి బియ్యం రోజుకు ఏడు కిలోల పైమాట, నెలకు రెండు క్వింటాళ్ళు దాటుద్ది. నాలుగు బస్తాలు. ఆ బస్తాలు వెనక వాకిలి గుండా పోతాయని ఊళ్ళో అందరికీ తెలుసు, తనిఖీకి వచ్చినోడికి తప్ప.

శుక్రవారం సాయంత్రం ఇళ్ళకు పోయి సోమవారం పొద్దున వచ్చే పిల్లలుంటారు. హాజరు పట్టీలో వాళ్ళు పోనే పోరు. ఖరీదైన కూడు ఆదివారానిది, తలలు తక్కువుండేదీ ఆదివారమే. దొంగలెక్కకు ఆదివారమంత మంచి రోజు లేదు.

ఇప్పుడు వేలిముద్రల మిషన్లొచ్చాయి గదా అంటారు. వేలిముద్ర పిల్లాడు వచ్చాడని చెబుద్ది గాని తిన్నాడని చెప్పదు. నిండు గుడ్డు తిన్నాడో బద్ద తిన్నాడో అసలే చెప్పదు.

కనిపెట్టాలంటే కాయితాలు చూడొద్దు. గుడ్డట్టలు చూడండి. అట్టకు ముప్పై గుడ్లు. గుడ్డు పెట్టిన రోజు వంటింటి మూల రెండు ఖాళీ అట్టలుంటే తిన్నోళ్ళు అరవై, లేదా బద్దలు తిన్నోళ్ళు నూట ఇరవై. పప్పులో నీళ్ళు పోయొచ్చు, కూరలో పులుసు పెంచొచ్చు, గుడ్డును పల్చన చేయలేరు. తర్వాత సిలిండర్లు చూడండి. నెలకెన్ని ఖాళీవి ఏజెన్సీకి పోయినాయో ఏజెన్సీ వాడి చీటీల్లో ఉంటుంది. అరవై మందికి నాలుగు రోజులొచ్చే సిలిండరు ఎనభై నాలుగు మందికీ నాలుగు రోజులే వచ్చిందంటే అనుమానించండి. గ్యాసు ఒక్కటే చూసి తేల్చమనను. నలుగురెక్కువైతే గ్యాసు పెద్దగా పెరగదు, పెద్ద గిన్నె కాగేదానికి అయ్యేది ఎట్టాగూ అవుద్ది. అట్టలూ, సిలిండర్లూ, బియ్యం బస్తాలూ మూడూ ఒకే అంకె చెబితే అది నిజం. మూడూ ఒకటి చెప్పి రిజిస్టరు ఇంకోటి చెబితే, రిజిస్టరు రాసినోడు నాలాంటోడు.

వార్డెన్లను జైల్లో పెడితే అయిపోద్దా? ఇక్కడే నాకు మావాళ్ళతో కూడా పేచీ. నిజం రాసిన వార్డెను ఏమవుతాడో చూద్దాం. పిల్లలు ముప్పై మందే ఉన్న హాస్టలుంది అనుకోండి. నిజాయితీగా ముప్పై అనే రాశాడు. సర్కారు డబ్బు సగానికి తగ్గింది. గ్యాసు సగానికి తగ్గుద్దా? తగ్గదు. పొయ్యి వెలగాలి, ఎసరు కాగాలి. నాలుగు రోజులొచ్చే సిలిండరు ఎనిమిది రోజులు రాదు, ఆరు రోజులొస్తుంది. రోజుకు 300. ముప్పైతో భాగిస్తే తలకు పది. కూరగాయలు బుట్టల లెక్కన పాటలో కొనే దానికీ, ఆరు కిలోలు చిల్లరగా కొనే దానికీ కిలోకు ఐదు రూపాయలు తేడా. తలకు ఇంకో రూపాయి. అంటే అరవై మంది హాస్టలు కంటే ఇక్కడ తలకు మూడున్నర ఎక్కువైంది. ఆలస్యం బిల్లులతో అరవై మంది హాస్టల్లోనే పైసా మిగల్లేదని చూశాం. ఈ మూడున్నర ఎక్కడ్నుంచి తేవాలి? పప్పులోంచి తేవాలి. లేదా రిజిస్టరులో నలుగురైదుగురిని పుట్టించాలి.

అట్టా మొదట నలుగురు పుడతారు, పొయ్యి కోసం. తర్వాత పదిమంది పుడతారు, శెట్టి వడ్డీ కోసం. ఆ తర్వాత పుట్టేవాళ్ళు వార్డెన్ ఇంటి మేడ కోసం, తనిఖీకి వచ్చినోడి కవరు కోసం. మొదటి నలుగురినీ పుట్టించింది వార్డెన్ కాదు, తలకింత అని గీత గీసిన జీవో. చివరి పదిమందిని పుట్టించింది దొంగతనం. రెంటినీ ఒకే తాడుతో కట్టేసి, హాస్టళ్ళన్నీ దొంగల పాలయినాయి మూసేయండి అనేవాళ్ళు బయల్దేరారు. వాళ్ళకు కావాల్సింది దొంగను పట్టుకోవడం కాదు, మా పిల్లల పొయ్యి ఆర్పడం.

నేనడిగేది దయ కాదు. పొయ్యి ఖర్చును తలల నుంచి విడదీయండి. గ్యాసు హాస్టలుకు ఇన్ని సిలిండర్లని నేరుగా ఇవ్వండి, తలకింత అని పంచొద్దు. పళ్ళేన్ని రూపాయల్లో రాయకండి, గ్రాముల్లో రాయండి. పప్పు ఇన్ని గ్రాములు, కూరగాయలు ఇన్ని గ్రాములు, నూనె ఇంత, గుడ్డు ఒకటి. ధర పెరిగితే డబ్బే పెరగాలి, పప్పు తగ్గకూడదు. బిల్లు నెల దాటితే శెట్టి వేసే పదోవంతు సర్కారే భరించాలి, పిల్లాడి పాలు భరించకూడదు. రాత్రి అన్నాలయినాక తిన్న పళ్ళేలెన్నో పిల్లలే లెక్కపెట్టి వాకిట్లో నల్లబల్ల మీద రాయాలి. సుద్దముక్క ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు. తల్లిదండ్రులు చదువుకోకపోయినా అంకె పోల్చుకుంటారు.

ఇంత చెప్పినాక కూడా ఒకాయన, మా ఆఫీసులోనే, ఊరికే తిండి పెట్టి చదివిస్తంటే ఇంకా లెక్కలడుగుతారేందయ్యా అన్నాడు. ఊరికేనా? ఆ పులిహోర బియ్యం పండించిన పొలంలో మా అమ్మ నడుం వంచి నాట్లేసింది. కూలి మానికలతో కొలిచేవాళ్ళు, కొలిచేటప్పుడు మానికలో బొటనవేలు పెట్టేవాళ్ళు. ఆ వేలు పట్టేంత గింజలు రోజూ మా ఇంటికి రాలేదు. తరాల వేళ్ళు లెక్క తీస్తే ఎన్ని పుట్లవుతాయో ఆయన చెప్పాలి. కిందటి లెక్క మేం అడగలేదు గాబట్టి ఇప్పటి లెక్క కూడా అడగొద్దంటే కుదరదు.

చివరగా మా ఊరి సంగతి ఒకటి. అమరావతి స్తూపానికి ఎవరెవరో రాళ్ళు చెక్కించి ఇచ్చారు, పేర్లు రాయించుకున్నారు. అందులో విధికుడు అనే చర్మకారుడున్నాడు. తల్లితో, పెళ్ళాంతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలక దానమిచ్చాడు. తోలుపని చేసే మనిషి నిండుకుండను దానం చేసి పేరు రాయించుకున్న నేల ఇది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో తీసుకున్న చిహ్నం అమరావతి శిల్పం పోలికతోనే చేశారు. దాని నడుమ ఉన్నదీ నిండుకుండే. హాస్టలు డబ్బు మంజూరు చేసే కాయితం మీద కూడా ఆ కుండ అచ్చయి ఉంటుంది.

కాయితం మీద కుండ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. వంటింట్లో కుండ సంగతి కాయితాన్ని అడక్కండి. రాత్రి ఎనిమిదిన్నరకు పొండి. తూము దగ్గర నిలబడి దొంతర్లు లెక్కపెట్టండి. మా పెద్దమ్మ లెక్కపెట్టినట్టు, పదేసి చొప్పున. నేను నూరు రాసిన రాత్రుల్లో ఆమె దొంతర్లు ఏడే. ఆమె లెక్కే నిజమని నలభై ఏళ్ళకు ఇక్కడ రాస్తన్నా.